చెరిగిన బోర్డు, చెరపకూడని మరక

ఫ్లెక్సీ దుకాణంలో మౌస్ పట్టిన కుర్రాడు ఇప్పుడు కుంచె పట్టడం నేర్చుకుంటున్నాడు. రంగు వెలిసిన ఒక ఫొటోలోంచి నలభై ఏళ్ల కిందటి దుకాణం బోర్డును మళ్లీ పైకి తీయడం అతని మొదటి పని

ఫొటో పోస్టుకార్డు కన్నా చిన్నది. అడ్డం 5 అంగుళాలు, నిలువు మూడున్నర. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల దుకాణం తెరిచిన రోజున తీసింది. గుమ్మానికి మామిడాకుల తోరణం, మెట్ల మీద తెల్లచొక్కాల్లో పదిమంది, వాళ్ల తలల మీదుగా బంతిపూల దండ వేసిన బోర్డు. దుకాణం పెట్టినాయన ఇప్పుడు లేరు. బోర్డూ లేదు. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తలో దాన్ని దించి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు. గోడకు బిగించిన ఇనుప చట్రం మాత్రం మిగిలింది, రెండేళ్లకోసారి దాని మీద కొత్త ఫ్లెక్సీ కడుతూ వచ్చారు.

ఈసారి ఫ్లెక్సీ చిరిగాక కొడుక్కి విసుగొచ్చింది. ఆల్బంలోంచి ఈ ఫొటో పీకి తెచ్చి ఆర్టిస్టు బల్ల మీద పెట్టారు. "మా నాన్న రాయించిన బోర్డిదండీ. అచ్చం ఇలాగే కావాలి" అన్నారు.

ఆర్టిస్టుకు అరవై దాటాయి. ఒకప్పుడు ఆయన దగ్గర ఆరుగురు శిష్యులుండేవారు. ఇప్పుడున్నది ఒక్కడే, 19 ఏళ్ల కుర్రాడు. రెండేళ్లు ఫ్లెక్సీ దుకాణంలో డిజైనింగ్ చేసి, పుట్టినరోజు శుభాకాంక్షల్లో నాయకుల తలలు కత్తిరించి అతికించి విసిగి, ఇటు వచ్చాడు. కంప్యూటర్ బాగా తెలుసు. కుంచె ఇంకా మాట వినడం లేదు. ఫొటో చూడగానే అతనికి తోచింది ఒక్కటే: "బాపు ఫాంట్ వేసేద్దాం గురువుగారూ, దగ్గర్లో ఉంటుంది."

ఆ సలహా తీసిపారేయదగ్గదేం కాదు. బాపు (1933-2014) చేతిరాతను చూసి నేర్చుకోని బోర్డు ఆర్టిస్టులు తెలుగునాట తక్కువ. తరవాత అది కంప్యూటర్లోకీ వచ్చింది. కానీ ఫొటోలోని అక్షరాలు ఆ దారివి కావు. బాపు అక్షరం పరుగులో ఉన్నట్టుంటుంది. ఇవి కుదురుగా, లావుగా, గల్లాపెట్టె ముందు కూర్చున్న షావుకార్లలా ఉన్నాయి. "అచ్చం ఇలాగే అన్నారు, దగ్గర్లో అన్లేదు" అని గురువు ఫొటోను కుర్రాడి వైపు జరిపారు.

మొదటి పాఠం ఫొటోను ముట్టుకోకపోవడం. దాని మీద గీయకూడదు, తుడవకూడదు. పని ఏదైనా నకలు మీదే. కుర్రాడు దాన్ని స్కానర్ మీద పెట్టి అంగుళానికి 1200 చుక్కల చొప్పున తీశాడు. కంప్యూటర్లో బోర్డు తెరంతా నిండింది. ఇక అంతా కనిపిస్తుందనుకున్నాడు. పెద్దది చేసేకొద్దీ అక్షరం అంచు మసకబారింది తప్ప కొత్తగా ఏమీ కనిపించలేదు.

కారణం చిన్న లెక్కలో ఉంది. చట్రాన్ని టేపుతో కొలిస్తే 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. ఫొటోలో అదే బోర్డు 2 అంగుళాలు. అంటే 72 వంతుల్లో ఒక వంతు. ఫొటోలో ఒక మిల్లీమీటరు పొరపాటు పడితే బోర్డు మీద దాదాపు 3 అంగుళాల తేడా వస్తుంది. స్కానర్ ఎన్ని చుక్కలు లెక్కపెట్టినా, ఆ కాలపు కలర్ ప్రింటులో అంగుళానికి 300 చుక్కలకు మించి వివరం ఉండడం అరుదు. 2 అంగుళాలకు 600 చుక్కలు. వాటిని 144 అంగుళాల బోర్డు మీద పరిస్తే ఒక్కో చుక్క పావు అంగుళం. అక్షరం అంచు ఆ పావు అంగుళంలో ఎక్కడ మలుపు తిరిగిందో ఫొటో చెప్పలేదు. అది చెయ్యే నిర్ణయించాలి.

రంగు సంగతి ఇంకా చిక్కు. ఫొటో మొత్తం ఎర్రబారి ఉంది. బోర్డు నేల ద్రాక్షరసం రంగులో కనిపిస్తోంది. కుర్రాడు మెరూన్ అని రాసుకున్నాడు. గురువు తోరణం మీద వేలుపెట్టారు. "మామిడాకులు ఏ రంగులో ఉన్నాయి రా?" గోధుమరంగులో ఉన్నాయి. పండగనాడు ఎవరూ ఎండిన తోరణం కట్టరు.

ఆనాటి కలర్ ప్రింట్లలో మూడు రంగుల పొరలుండేవి: నీలి ఛాయ, గులాబి ఛాయ, పసుపు. ఆల్బంలో, చీకట్లో ఉన్నా సరే, వాటిలో నీలి ఛాయ పొర ముందుగా చచ్చిపోయేది. అది పోతే ఆకుపచ్చ గోధుమరంగవుతుంది, నీలం వంగపండు ఛాయలోకి తిరుగుతుంది. ఆకు ఎంత మారిందో చూస్తే బోర్డు ఎంత మారి ఉంటుందో ఊహించవచ్చు. ఊహ మీద రంగు డబ్బా కొనలేరు కాబట్టి ఇద్దరూ నిచ్చెన వేసుకుని చట్రం ఎక్కారు. బోల్టుల వెనక, ఫ్లెక్సీ కట్టిన తాళ్లు తగలని చోట, బ్లేడుతో తుప్పు గీకితే ఎప్పుడో కారి ఎండిన రంగు బొట్టు కనిపించింది. ముదురు నీలం. షేడ్ కార్డు పక్కన పెడితే ఆక్స్‌ఫర్డ్ బ్లూకి దగ్గరగా వచ్చింది. మెరూన్ కొట్టివేత.

రంగుల పొరల సంగతి తెలిశాక కుర్రాడి పాత విద్య అక్కరకొచ్చింది. స్కాన్ చేసిన బొమ్మను రెడ్, గ్రీన్, బ్లూ అని మూడుగా విడదీసి నలుపు తెలుపుల్లో చూశాడు. నీలి ఛాయ పోయింది గనక రెడ్ పలచబడి వెలవెలబోయింది. గ్రీన్‌లో మాత్రం అక్షరాలు నేల నుంచి విడివడి నిలబడ్డాయి. మిగతా పనంతా ఆ ఒక్కదాని మీదే చేశాడు. గురువు కళ్లజోడు సవరించుకుని, "ఇది నాకు తెలీదు రా" అని ఒప్పుకున్నారు.

తరవాత రీటచింగ్. ఆ రోజుల్లో స్టూడియోలు వాడిన కాగితం మీద పట్టుబట్ట నేతలాంటి గరుకుండేది. కంటికి ముచ్చట, స్కానర్‌కు శత్రువు. దానికి తోడు బూజు చుక్కలు, ఒక మడత, గీతలు. కుర్రాడు ఒక పూటంతా కూర్చుని మచ్చ కనిపించిన చోటల్లా పక్కనున్న నేల తీసి అద్దాడు. సాయంత్రానికి బోర్డు అద్దంలా తయారైంది. గర్వంగా చూపించాడు.

గురువు చాలాసేపు చూసి, బోర్డు కుడివైపు కింది మూల దగ్గర ఆగారు. "ఇక్కడేదో ఉండాలే?"

"మరకండీ. తీసేశాను."

"ఏ మరక?"

ఫొటోలో అది 2 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు ఎత్తు. బూజు చుక్కలాగే ఉంది. 72తో గుణిస్తే బోర్డు మీద ఆరు అంగుళాలకు కొంచెం తక్కువ పొడవు, అంగుళంన్నర ఎత్తు. బోర్డు రాసినవాడు సంతకం పెట్టే చోటు అదే, సంతకం కొలతా అదే. కుర్రాడు చెరిపేసింది పనివాడి పేరు.

మరక ఏదో, బొమ్మ ఏదో తేల్చుకునే పద్ధతి ఆ రాత్రి నేర్చుకున్నాడు. ఫొటోను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పాలి. బూజు, దుమ్ము, గీత కాగితం పైన ఉంటాయి. అక్కడ మెరుపు తెగుతుంది లేదా మారుతుంది. బొమ్మలో ఉన్న మచ్చ దగ్గర మెరుపు నున్నగా సాగిపోతుంది. రెండో పరీక్ష: ఫొటోను ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టాలి. కాగితం గరుకు వల్ల పడ్డ నీడలు రెండో స్కాన్‌లో అటునుంచి ఇటు మారిపోతాయి. బొమ్మలో ఉన్నది కదలదు. రెండూ కలిపి సగటు తీస్తే గరుకు కూడా చాలావరకు అణిగిపోతుంది. మూలలోని మచ్చ రెండు పరీక్షల్లోనూ నిలబడింది. అదృష్టవశాత్తు కుర్రాడు రీటచింగ్ అంతా విడి లేయర్ మీద చేశాడు, కింద అసలు స్కాన్ పదిలంగా ఉంది. అద్దంలాంటి బోర్డును పారేసి మళ్లీ మొదటి నుంచి, ఒక్కో మచ్చనూ విచారించి తీశాడు. ఈసారి మూడు రోజులు పట్టింది. తీసిన మచ్చలు సగానికి తగ్గాయి.

ఫొటోగ్రాఫర్ రోడ్డు మీద ఎడమవైపు నిలబడి పైకి చూసి తీశాడు. అందుకే బోర్డు ఎడమవైపు పెద్దదిగా, కుడివైపు ముడుచుకుని ఉంది. నాలుగు మూలలూ దొరికితే దాన్ని 12, 3 కొలతలకు సాగదీయవచ్చు. ఒక మూల పూలదండ కింద ఉంది. పై అంచును, పక్క అంచును స్కేలుతో పొడిగిస్తే అవి కలిసే చోటే మూల. సాగదీశాక అక్షరాలు లేచి నిలబడ్డాయి. ఒక్కటి తప్ప.

దుకాణం పేరు మొత్తం ఇక్కడ రాయడం లేదు. 'శ్రీ'తో మొదలై, 'లక్ష్మీ' మీదుగా 'స్టోర్స్'తో ముగుస్తుందని చెబితే చాలు, ఇలాంటి పేర్లు తెలుగునాట వీధికి రెండుంటాయి. చివరి 'ర్స్' మిగతా అక్షరాలకన్నా ఇరుకుగా ఉంది. అవి సుమారు 14 అంగుళాల వెడల్పుంటే ఇది 9. కుర్రాడు దాన్ని కెమెరా దోషమనుకుని సమంగా సర్ది గీశాడు, అన్నీ ఒకే ఎడంతో. గురువు గీత మందం కొలవమన్నారు. నిలువు గీతలు మిగతా అక్షరాల్లో ఎంత లావో, 'ర్స్'లోనూ అంతే లావు: 2 అంగుళాలు. కెమెరా కోణం వల్ల ముడుచుకుని ఉంటే వెడల్పుతో పాటు గీత కూడా సన్నబడాలి. గీత సన్నబడలేదు. అంటే ముడిచింది కెమెరా కాదు, రాసినవాడే. 'శ్రీ' దర్జాగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి చోటు చాలక సర్దుకున్నాడు.

"తప్పును కూడా దించాలా?" అన్నది కుర్రాడి ప్రశ్న. ఎడం సరిచేస్తే బోర్డు అందంగా ఉంటుంది, చూసేవాడికి హాయి. ఈ విలేఖరికీ అదే సబబుగా తోచింది. గురువు జవాబు చెప్పకుండా షావుకారుకు ఫోన్ చేసి రెండు నమూనాలూ చూపించారు. ఆయన సరిచేసిన నమూనాను పక్కకు నెట్టేశారు. "చివరక్షరం బస్సులో సీటు దొరకనోడిలా నిలబడ్డాడని మా నాన్న నవ్వేవాడండీ. అది లేకపోతే మా బోర్డెలా అవుద్ది?"

ఇరుకున పడ్డప్పుడు చెయ్యి చేసే సర్దుబాటు ఫాంటుకు తెలియదు. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే కళాకారుడు వీధి పెయింటర్ల చేత అక్షరమాలలు రాయించి, వాటిని ఫాంట్లుగా మార్చి, ఆ పెయింటర్ల పేర్లే వాటికి పెట్టాడు. 2024లో ఆయన పోయాక కూడా ఆ పని గురించి చెప్పుకుంటున్నారు, చెప్పుకోవలసిందే. కానీ ఫాంటులో 'ర' ఎప్పుడూ ఒకే 'ర'. గోడ మీద రాసేవాడి 'ర' పక్కన ఎంత చోటుందో చూసుకుని పుడుతుంది. తెలుగులో అయితే కింద వత్తు ఉందా, పైన గుడి ఉందా అని కూడా చూసుకోవాలి. ఈ బోర్డునే తీసుకుంటే, 36 అంగుళాల ఎత్తులో అక్షరం ఒళ్లు 12 అంగుళాలే. పైన గుడి దీర్ఘాలకు 5, కింద వత్తులకు 7, మిగిలింది అంచులకు. ఇంగ్లీషు బోర్డు కొలతతో అక్షరాన్ని పెద్దది చేసినవాడు వత్తుల్ని చట్రానికి గుద్దేస్తాడు. నేటి ఫ్లెక్సీల్లో రోజూ కనిపించే తప్పు అదే.

అసలు పరీక్ష 'క్ష్మీ' దగ్గర ఎదురైంది. 'క' మీద గుడి దీర్ఘం, దాని కింద 'ష' వత్తు, దాన్నంటుకుని 'మ' వత్తు. పూలదండ సరిగ్గా అక్కడే వేలాడింది. 'మ' వత్తులో తోక ఒక్కటే బయట కనిపిస్తోంది. దాగిన భాగాన్ని బోర్డులో మరోచోట నుంచి అరువు తెచ్చుకుందామంటే, 'మ' వత్తు ఇంకెక్కడా లేదు.

కుర్రాడు తోకకు ఫాంటులోని తలను అతికించి చూశాడు. అతుకు కనిపించింది. అప్పుడు గురువు కంప్యూటర్ కట్టేయించి, పాత పేపర్ల కట్ట, అర అంగుళం బల్లపరుపు కుంచె ఇచ్చారు. బోర్డు కొలతకు నాలుగో వంతులో రాయాలి. అక్కడ 2 అంగుళాల గీతకు ఇక్కడ అర అంగుళం, సరిగ్గా కుంచె వెడల్పు. "అక్షరం బయటి గీత చూడకు. కుంచె ఎక్కడ దిగింది, ఎక్కడ తిరిగింది, ఎక్కడ లేచింది, అది చూడు. తోక చివర సన్నబడింది చూశావా? ఒత్తిడి తగ్గించి పైకి లేపాడు. ఆ లేపడం రావాలంటే చెయ్యి ఎటునుంచి వచ్చి ఉండాలి?"

ముందు కనిపిస్తున్న అక్షరాలే రాయించారు. 'శ్రీ'లో క్రారవడి కింద నుంచి ఎడమకు చుట్టి పైకి లేచే చోట కుంచె అంచు మీద నిలబడుతుంది, అందుకే అక్కడ గీత సన్నం. తలకట్టులో మొదటి దెబ్బ ఏటవాలు, రెండోది తేలిక. ఇవి చేతికి పట్టాక 'మ' వత్తు. కుర్రాడు లెక్కపెట్టి ఉంటే అరవై దాటేవేమో. మొదట్లో తోక లావుగా వచ్చేది, లేదా మరీ పైకి తిరిగేది. రెండో రోజు మధ్యాహ్నానికి తోక ఫొటోలోలా పడటం మొదలైంది. వరసగా నాలుగుసార్లు అలాగే పడ్డాక గురువు ఆపమన్నారు. తోక దానంతటదే సరిగ్గా పడుతోందంటే, దాని ముందున్న నడక అసలు నడకకు దగ్గర్లో ఉన్నట్టు. దగ్గర్లో అంతే. ఆ వత్తు ఊహించి రాసిందని షావుకారుకు ముందే చెప్పారు.

మిగతాది పాత పని. సరిచేసిన బొమ్మను 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తున ప్రింటు తీసి, దాని మీద అంగుళం గళ్లు గీశారు. తగరపు పూత రేకును ఎమరీ కాగితంతో గరుకుచేసి, ప్రైమర్ వేసి, నీలం ఎనామిల్ రెండు పూతలు పూశారు, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి. దాని మీద సుద్ద పూసిన దారాన్ని లాగి వదిలి 6 అంగుళాల గళ్లు కొట్టారు. కాగితం మీద 144 గళ్లు, రేకు మీద 144 గళ్లు. ఏ గడిలో గీత ఎక్కడ దూరి ఎక్కడ బయటికొస్తుందో చూసుకుంటూ సుద్దముక్కతో దించడం రెండు పూటల పని.

గళ్లు అక్షరాన్ని దానుండాల్సిన చోట కూర్చోబెడతాయి, ప్రాణం పోయవు. కుర్రాడు మొదటి 'శ్రీ'ని సుద్దగీత మీద నుంచి పక్కకు పోకుండా, వణుకుతూ, ఇంచి ఇంచి రాశాడు. దగ్గరికి బానే ఉంది. రోడ్డుకు అవతల నిలబడి చూస్తే వంపుల దగ్గర ముడులు పడ్డట్టుంది. రంగు తడిగా ఉండగానే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, మళ్లీ. ఈసారి చేతి కర్ర ఆనించుకుని, సుద్దను చూడకుండా వంపు చివరను చూస్తూ ఒకే ఊపులో లాగాడు. సుద్ద గీతకు అర అంగుళం అటూ ఇటూ పోయింది. గురువు ఏమీ అనలేదు. తరవాతి అక్షరానికి రంగు కలిపి ఇచ్చారు.

సంతకం మిగిలింది. ఎంత పెద్దది చేసినా ఆ 2 మిల్లీమీటర్లలో మూడు బొట్లు, ఒక తోక తప్ప అక్షరం తేలలేదు. షావుకారుకు పేరు గుర్తులేదు. గురువు ఆ కాలపు ఆర్టిస్టుల పేర్లు నాలుగైదు తలుచుకున్నారు గానీ, దేనికీ ఒట్టేయలేనన్నారు. తెలియని పేరు కల్పించి రాయడం ఆయనకు ఇష్టం లేదు. అదే చోట తన పేరు రాసుకోవడం అంతకన్నా లేదు. కుర్రాడు తన పేరు రేకు వెనక, చట్రానికి ఆనే వైపు, సుద్దతో కాకుండా ఎనామిల్‌తోనే రాసుకున్నాడు. రాయమన్నది గురువే.

బోర్డు బిగించిన రోజు షావుకారు రోడ్డు దాటి అవతల నిలబడి చాలాసేపు చూశారు. చివరి 'ర్స్' చూసి నవ్వారు. తరవాత కుడివైపు కింద, జానెడు మేర ఏమీ రాయని నీలాన్ని చూపించి, "ఆ మూల ఖాళీగా వదిలేశారేం?" అనడిగారు.

"అక్కడొక పేరుండేదండీ" అన్నాడు కుర్రాడు నిచ్చెన దిగుతూ. "చదవడానికి రాలేదు."